వెనకసీటు మనిషి సినిమా కథ

మా కంపెనీకి స్క్రిప్టులు చదివేవాళ్లం ఇద్దరమే. నేను వనపర్తిలో, భయ్యా గద్వాలలో. హైదరాబాదులో ఉన్న సినిమా నిర్మాణ కంపెనీ మాకు స్క్రిప్టులు మెయిల్ చేస్తుంది. చదివి, కవరేజీ రాసి పంపడం మా పని. కవరేజీ అంటే మూడు నాలుగు పేజీల నివేదిక. కథ ఒక్క వాక్యంలో ఏమిటి, మొదటినుంచి చివరిదాకా ఏం జరుగుతుంది, ఏది బాగుంది, ఏది బాగులేదు, చివరికి తీసుకోవచ్చా, ఆలోచించొచ్చా, వద్దా. స్క్రిప్టు చదివే తీరిక లేని నిర్మాత ఆ నాలుగు పేజీలు చదివి నిర్ణయం తీసుకుంటాడు. అందుకే అది రాసేవాడికి పేరు రాదు, తిట్లు మాత్రం వస్తాయి.

ఈ పని నాకు నేర్పింది గద్వాల భయ్యానే. చీరల కొట్టువాళ్ల ఇంట్లో పుట్టినా కొట్లో కూర్చోలేక కథల్లో పడ్డ మనిషి. చదవడంలో కసాయివాడు. ఒక ప్రేమకథ మీద ఆయన రాసిన నివేదిక నాకిప్పటికీ కంఠతా వచ్చు. "నాయికా నాయకులు విడిపోవడానికి కారణం కనిపించలేదు. కలవడానికీ కనిపించలేదు. బహుశా రచయితకు తెలిసి ఉండవచ్చు." ఆ రచయిత తర్వాత పౌల్ట్రీ ఫారం పెట్టాడని చెప్పుకుంటారు. ఆయనకు ఆ మాట చెబితే "కోళ్లకు మంచిదే" అన్నాడు.

అలాంటి మనిషి తానే ఒక స్క్రిప్టు రాశాడు. కంపెనీలో కథలు చూసే మేడంకు పంపాడు. మేడం దాన్ని నాకు పంపింది.

వెంటనే ఫోన్ చేశాను. "మేడం, ఇది భయ్యాది. నేను చదవడం న్యాయం కాదేమో."

"మీరు ఉన్నదే ఇద్దరు. అతనిది అతనికే పంపమంటావా?" అంది మేడం. "పేరు తీసేసి చదువు. ఎవరిదో అనుకో."

పేరు తీసేశాను. ఏం లాభం? మొదటి పేజీలోనే లారీ గద్వాల దగ్గరి ఎర్రవల్లి చౌరస్తాలో ఆగింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్. నాకు వచ్చిందని ఎట్లా తెలిసిందో, తెలిసింది.

"చెల్లె, నేను నీకు ఏం చెప్తలేను. నీ పని నువ్వు చెయ్. ఉన్నదున్నట్టు రాయి."

"రాస్త భయ్యా."

"ఉన్నదున్నట్టు అంటే, బాగున్నది గూడ రాయాలె గద."

"రాస్త."

"అమ్మ డబల్ కా మీఠా చేసింది. ఊరికే. బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపిన, బస్టాండుల తీస్కో."

బస్టాండుకు పోయి స్టీలు డబ్బా తెచ్చుకున్నాను. ఆ మీఠా తింటూనే స్క్రిప్టు చదివాను. తినడం అయిపోయేసరికి విశ్రాంతి ఘట్టం వచ్చింది. కథలో ఇంకా ఎవరికీ ఏమీ కావలసి రాలేదు.

కథ ఒక లారీ డ్రైవరుది. మంచివాడు. ఎంత మంచివాడంటే, ఏదీ తనంతట తాను చేయడు. క్వారీ యజమాని కొడతాడు, పడతాడు. దవాఖానలో నర్సు ప్రేమిస్తుంది, ప్రేమించబడతాడు. వాన వస్తుంది, తడుస్తాడు. చివర్లో క్వారీకి తిరిగి పోయి యజమానితో తలపడతాడు. ఎందుకు పోయాడో నాకు తెలియలేదు. నర్సుకూ తెలియదు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను, అయినా తెలియలేదు.

ఇక ఒక్క వాక్యంలో కథ రాయాలి. అందులో ఎవరు, ఏం కావాలనుకున్నారు, ఏది అడ్డొచ్చింది అనే మూడూ ఉండాలి. రాసుకుంటూ పోయాను. "ఒక మంచి లారీ డ్రైవరు అనేక కష్టాలు పడి..." కొట్టేశాను. "ఒక లారీ, ఒక నర్సు, ఒక క్వారీ మధ్య ఒక డ్రైవరు..." ఇదీ కొట్టేశాను. అప్పుడే నాకు నవ్వు మొదలైంది. ఇన్నేళ్లు అందరినీ ఏడిపించిన మనిషి, ఇప్పుడు నా చేతికి చిక్కాడు. ఆ రోజంతా నేను రాసిన వాక్యాలు చూస్తే నాకే భయం వేసింది. ఒకటికన్నా ఒకటి ఘాటు. రాసి, పైకి చదువుకుని, మా ఇంట్లో వాళ్లు తొంగిచూసేంత గట్టిగా నవ్వాను.

పొద్దున లేచి చూస్తే అందులో నా తెలివి తప్ప స్క్రిప్టు లేదు. నిర్మాతకు కావలసింది నా తెలివి కాదు. అది నాకు చెప్పింది కూడా భయ్యానే. ఆయన మాత్రం ఆ మాట ఎప్పుడూ పాటించలేదనుకోండి, అది వేరే సంగతి. అన్నీ తీసేశాను. ఒక్క వాక్యం మాత్రం మనసొప్పక ఉంచుకున్నాను. "ఈ కథలో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. బండి ఎవరు నడుపుతున్నారో తెలియదు."

తర్వాత నిజాయితీగా రాశాను. ఆలోచన బాగుంది. సంభాషణలు బాగున్నాయి, కొన్నిచోట్ల చాలా బాగున్నాయి. కథ నిర్మాణం బలహీనం. నాయకుడి పాత్ర బలహీనం. మొత్తం స్క్రిప్టులో తనకు ఏం కావాలో తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. రోడ్డు పక్కన కూర్చుని, లారీల్లో సరుకు మీద కప్పే తాటిపత్రులు కుట్టే ఒక ముసలామె. నాలుగే సీన్లు. ఆ నాలుగింటిలోనూ ఎవరి మాటా వినదు, క్వారీవాడి బండికి తాటిపత్రి కుట్టనంటుంది. ఆమె రాగానే కథ లేచి కూర్చుంటుంది, పోగానే పడుకుంటుంది. ఆమెను ముందుకు తేవాలని రాశాను. మా నివేదికల్లో స్క్రిప్టుకు ఒక తీర్పు, రాసినవాళ్లకు ఒక తీర్పు వేరువేరుగా ఇవ్వాలి. స్క్రిప్టుకు "వద్దు" పెట్టాను. రచయితకు "తప్పక గమనించాలి" పెట్టాను. పంపేశాను. డబ్బా కడిగి పెట్టాను.

ఈ నివేదికలు కంపెనీ దాటి బయటికి పోకూడదు. రాసినవాళ్లకు అసలే చూపకూడదు. మేడం పొరపాటున పంపిందో, సరదాకు పంపిందో, ఆయనకు పోయింది.

వారం రోజులు ఫోన్ లేదు. మెసేజు లేదు. నా గుడ్ మార్నింగులన్నీ అక్కడే పడి ఉన్నాయి.

ఇంతలో మేడం ఇద్దరినీ ఒక మీటింగుకు హైదరాబాదు రమ్మంది. అలా పోవలసి వచ్చినప్పుడల్లా మేం కొత్తకోటలో కలుసుకుని ఒకే బస్సు ఎక్కుతాం. హైవే పక్కన భయ్యా వాళ్ల ఖాలా, అంటే వాళ్లమ్మ అక్క, దుకాణం ఉందని, ఆయన అక్కడే కూర్చుంటాడని విన్నాను గానీ నేనెప్పుడూ పోలేదు. ఆ రోజు బస్టాపులో ఆయన లేకపోవడంతో వెతుక్కుంటూ పోయాను.

దుకాణం ముందు నీలం తాటిపత్రి పరిచి, దాని మధ్యలో ఒక పెద్దామె దబ్బనంతో కుడుతూ ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. స్క్రిప్టులో ఆమె ఎట్లా ఉందో అట్లాగే ఉంది. కళ్లద్దాలకు కట్టిన దారం కూడా.

భయ్యా స్టూలు మీద కూర్చుని ఫోన్లో నా నివేదికే చదువుతున్నాడు. తల ఎత్తలేదు.

"వెనక సీటంట," అన్నాడు. "డ్రైవరు వెనక సీట్ల కూసున్నడంట. గిట్లనా రాసేది?"

"ఒక్కటే ఉంచిన భయ్యా. మిగతావి తీసేసిన."

"ఇంకా ఉండెనా?"

"మస్తుండె."

"అది జర అట్లుంచు. వాడు క్వారీకి ఎందుకు పోయిండో తెల్వదని రాసినవ్. ఎట్ల తెల్వదు? పెట్రోల్ బంకుల నర్సుకు అంత చెప్తడు గద! ఆ సీను రాసిన్నాడు నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. నువ్వు పేజీలు దుంకి చదివినవ్."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. మా పనిలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"పెట్రోల్ బంకు సీను లేదు భయ్యా."

"ఉంది."

"చూపియ్."

ఆయన ఫోన్లో స్క్రిప్టు తెరిచాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. "పెట్రోల్" అని కొట్టి వెతికాడు. డ్రైవరు ఒకచోట "పెట్రోల్ ధర పెరిగింది" అన్నాడు, అంతే. మళ్లీ వెతికాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"రెండో వెర్షన్ల ఉండె," అన్నాడు మెల్లగా. "లెంగ్త్ ఎక్కువైందని నేనే తీసేసిన."

"తీసేసి?"

"నా తలకాయల ఉన్నది గద. చదివేటోళ్లకు గూడ ఉన్నదనుకున్న."

ఇతరుల స్క్రిప్టుల మీద ఆయన ఎన్నిసార్లు రాశాడో ఈ మాట! పేజీ మీద లేనిది కథలో లేదు. నేను గుర్తుచేయలేదు. నా మొహం మాత్రం గుర్తుచేసినట్టుంది, "నవ్వకు," అన్నాడు.

"నవ్వుతలేను."

"కండ్లు నవ్వుతున్నయ్."

దబ్బనం ఆగింది. అంతదాకా వింటున్న ఖాలా అడిగింది. "ఏం లొల్లి? ఎవరి కథ?"

"ఏం లేదు ఖాలా," అన్నాడు ఆయన తొందరగా, ఫోను జేబులో పెడుతూ.

నేను ఆగలేకపోయాను. "భయ్యా ఒక సినిమా కథ రాసిండు ఖాలా. అండ్ల తాటిపత్రులు కుట్టే ఒకామె ఉన్నది."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఖాలా అద్దాలు సర్దుకుంది. "నన్ను రాసినవా రా?"

"నువ్వు కాదు ఖాలా. నీ లెక్కనే ఒకామె."

"కొత్తకోటల నా లెక్క ఇంకెవరున్నరు? చదువు."

చదవక తప్పలేదు. ఆయన తన సీన్లు చదవడానికి సిగ్గుపడి నా నివేదికలోని ముక్క చదివాడు. మొత్తం కథలో తనకు ఏం కావాలో తెలిసిన మనిషి ఈమె ఒక్కతే, ఆమె వస్తే కథ లేస్తుంది, పోతే పడుకుంటుంది అనే భాగం. ఖాలా కదలకుండా విన్నది. మరోసారి చదవమన్నది. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వు రాసినవా బేటీ?"

"నేనే ఖాలా."

"మంచిగ రాసినవ్." మళ్లీ దబ్బనం అందుకుంటూ భయ్యాను అడిగింది. "నాలుగు సీన్లేంది? ఆ డ్రైవరుకు ఎన్ని ఇచ్చినవ్?"

"వాడు హీరో ఖాలా."

"ఏం చేస్తడు?"

ఆయన ఫోన్లో పేజీలు జరిపి వాడు ఏం చేస్తాడో వెతికాడు. చివరికి ఆయనకే నవ్వు వచ్చింది. వారం రోజుల కోపం ఆ నవ్వులో కొట్టుకుపోయింది. ముగ్గురం నవ్వుతుంటే పక్క మెకానిక్కు పానా పట్టుకుని వచ్చి ఏమైందని అడిగాడు.

"పెద్ద పాత్ర ఇస్తే ఒక్కటే మాట," అంది ఖాలా. "నన్ను సినిమాల ఏడిపియ్యొద్దు. నాకు ఏడుపు రాదు."

బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చున్నాడు. జడ్చర్ల దాటాక ఉన్నట్టుండి అడిగాడు.

"నర్సును గూడ తీసేయాల్నా?"

"ఆమెకేం కావాల్నో ముందు చెప్పు భయ్యా."

"తెల్వదు."

"ఖాలా కూతురు అనుకో. తల్లి కుట్టనంటది, బిడ్డ జీతం వచ్చే దవాఖాన క్వారీవాడిదే."

ఆయన నావైపు తిరిగి కూర్చున్నాడు. ఫోను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. షాద్‌నగర్ వచ్చేసరికి క్వారీకి పోయేది డ్రైవరు కాదు, ఖాలా. డ్రైవరు బండి నడుపుతాడు, అంతే. పాపం, వాడికి అదే అలవాటైన పని.

ఆయన మార్చి రాసిన స్క్రిప్టు నేను చదవనని మేడంకు ఖచ్చితంగా చెప్పాను. సగం మాటలు బస్సులో నావే, నా మాటలకు నేనే మార్కులు వేసుకోలేను. బయటి మనిషెవరో చదివి "ఆలోచించొచ్చు" అని రాశారు. మా పనిలో ఆ మాటకు అర్థం ఎవరికీ సరిగ్గా తెలియదు. సినిమా ఇంకా రాలేదు. కంపెనీ మాత్రం దాన్ని పట్టుకుని కూర్చుంది, వదలడం లేదు. ఖాలా అప్పుడప్పుడు ఫోన్ చేసి, తన పాత్రకు ఎవరిని పెడుతున్నారో కనుక్కోమంటుంది. నడుము వంగనివాళ్లు వద్దంటుంది. తాటిపత్రి మీద కూర్చుని కుట్టడం వాళ్లకు రాదట.