చెట్టు కూడా కాస్తుంది

కృష్ణానగర్ డబ్బింగ్ థియేటర్లో చిదానందం పాట రాయడమంటే, శబ్దం ఆపేసిన తెర ముందు కూర్చుని బొమ్మ నోరు తెరిచినప్పుడల్లా తన నోరూ తెరవడం. నమిలిన సోంపు గడ్డం మీద అంటుకున్నా తుడుచుకోడు. ఇవాళ తెర మీద, ఇంగ్లీషు కార్టూన్ సినిమాలో, ఒక చెట్టు కుక్కతో పాడుతోంది. ఇంగ్లీషులో బార్క్ అంటే మొరుగుడూ, చెట్టు బెరడూ కూడా. పాటలో చమత్కారమంతా అదే. తెలుగులో ఆ రెంటికీ చుట్టరికం లేదు. పైగా చివర్లో చెట్టు నోరు బార్లా తెరిచి ఉండిపోతుంది, అక్కడ ‘ఆ’ అనే దీర్ఘమే పడాలి.

“గురువుగారూ, పాడే అమ్మాయి వెళ్ళిపోతానంటోంది. ఈ పాటా పోతే పైవాళ్ళు ఇక మిమ్మల్ని పిలవనివ్వరు,” అన్నాడు రికార్డింగ్ చేసే సాల్మన్.

చిదానందం తెర మీది కుక్క వైపు వేలు చూపాడు. “బెరడు పోనీరా! కుక్కేం చేస్తుంది? ఇల్లు కాస్తుంది. మరి చెట్టో?” తనే ఆగిపోయాడు. “అది కాయలు కాస్తుందిరా!”

“ఇంటిని నువ్వు కాస్తే, కాయలు నేను కాస్తా...”

పాడుతూ పాడుతూనే ఆ అమ్మాయి ఫక్కున నవ్వేసింది.

కానీ ఏ పాటనైనా తిరిగి ఇంగ్లీషులోకి మార్చి పంపితేనే, సినిమా తీసిన, తెలుగు రాని ఆ పైవాళ్ళు ఒప్పుకుంటారు. మార్చి పంపారు. వెంటనే జవాబొచ్చింది: “కుక్క కాపలా, చెట్టుకి పళ్ళు. చమత్కారం ఏది?”

చిదానందం ఎన్ని రకాలుగా వివరించబోయినా కాపలా, పళ్ళే మిగిలాయి. చివరికి వాళ్ళ ఇంగ్లీషు పాటనే ఉన్నదున్నట్టు దించి, తన తెలుగు పాటకి ఇదే అర్థమని పంపేశాడు.

“బ్రహ్మాండం! ఒక్క ముక్క కూడా పోలేదు,” అని వచ్చింది.

తెర ఆపేశారు. చిదానందం నోరు మాత్రం ఇంకా తెరుచుకునే ఉంది.