అక్క కోసం చేసిన ట్యాబ్లెట్ డైరీ

తలకి ఆపరేషన్ అయ్యాక మా అక్కకి పొద్దున జరిగింది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. తను చిత్తూరులో లెక్కల టీచరు. మాత్ర వేసుకుందో లేదో తెలియక ఏడ్చేది. కాగితం డైరీ ఇస్తే ఈ రోజు పేజీ దొరకక విసిరేసింది.

నాది తిరుపతిలో డీటీపీ పని. ట్యాబ్లెట్‌లో పెన్నుతో రాసుకునేలా ఏడాది డైరీ చేద్దామని కూర్చున్నా. అన్ని పేజీల్లోనూ కనబడే మాస్టర్ పేజీలో కుడివైపు పన్నెండు నెలల పేర్లతో నొక్కే గళ్లు, అదే ట్యాబులు, పెట్టి, ఒక్కోదాన్ని ఆ నెల క్యాలెండర్‌కి లింకు చేశా. క్యాలెండర్‌లో ప్రతి తేదీకీ ఆ రోజు పేజీ లింకు. ఆత్రంలో ప్రింట్ ఆప్షన్‌తో పీడీఎఫ్ తీస్తే లింకులన్నీ చచ్చిపోయాయి. లింకులు ఉంచమని టిక్కు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే బతికాయి. ఆ పీడీఎఫ్ పట్టుకుని చిత్తూరు బస్సెక్కా.

ట్యాబ్లెట్లో తెరిచి ఇస్తే అక్క పెన్నుతో జూలై ట్యాబు మీద నొక్కింది. చుక్క పడింది. మళ్లీ నొక్కింది. ఇంకో చుక్క.

"ఇది గూడా నాకు రాదులే" అని ట్యాబ్లెట్ పక్కన పెట్టేసింది. "నువ్వు పో మే. నీ పని చూసుకో."

నా ల్యాప్‌టాప్‌లో బాగా పనిచేసింది కదా అని కారణం వెతికా. డైరీ తెరిచిన యాప్‌లో పెన్ను ఆన్‌లో ఉంటే నొక్కింది గీతే అవుతుంది. పైన పెన్ను గుర్తు నొక్కి ఆపితేనే లింకు తెరుచుకుంటుంది. ఆపి చూపించా. జూలై వచ్చింది, అందులో తేదీ నొక్కితే ఆ రోజు పేజీ వచ్చింది. అక్క మొహం వెలిగింది. "ఈ పొద్దు చెల్లెలు వచ్చినాది" అని రాసుకుంది.

బావ కాఫీ తెచ్చేలోపు మళ్లీ చుక్కలు పెడుతూ ఉండాది. పెన్ను ఆపాలన్న సంగతే మర్చిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పేది అబ్బా, తలలో నిలవదు" అన్నాడు బావ. నేను వంటింట్లోకి పోయి ఏడ్చినాను.

మర్చిపోయే మనిషికి గుర్తుంచుకోమని చెప్పడం ఏంది అని అప్పుడు తోచింది. ల్యాప్‌టాప్ అక్కడే తెరిచి, మాస్టర్ పేజీ పైన పెద్ద అక్షరాలతో ఒక వాక్యం పెట్టా: "పేజీ మారాలంటే పైన పెన్ను గుర్తు నొక్కి ఆపు." ఒక్కసారి రాస్తే అన్ని పేజీల్లోకీ వచ్చేసింది. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశా. కొత్త ఫైలు కాబట్టి ఆమె రాసుకున్న వాక్యం పాతదాంట్లోనే ఉండిపోయింది.

కొత్త ఫైలు తెరిచి అక్క పైన పెద్ద అక్షరాల వాక్యాన్ని వేలుపెట్టి చదివింది. పెన్ను ఆపింది. ట్యాబు నొక్కింది, తేదీ నొక్కింది. పేజీ ఖాళీగా ఉండాది.

"ఈ పొద్దు ఎవరూ రాలేదా మే?" అని నన్నే అడిగింది.

"నేను వచ్చినాను అక్కా. రాసుకో" అన్నా.

ఇప్పుడు కొన్ని రోజులు అక్కే డైరీ తెరుస్తోందట, కొన్ని రోజులు బావ తెరిచి ఇస్తున్నాడు.