ఎర్రసిరాతో రాసిన ఇరవై రెండు రోజులు

ఆ గ్రంథాలయంలో ఇష్యూ కౌంటరు అంటే పుస్తకాల మీద గడువు తేదీ ముద్ర వేసే స్టాంపు మాస్టారే. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి, ఇరవయ్యో ఎక్కం దాకా నిద్రలో అడిగినా తడుముకోడు. వరద వచ్చిన ఏడు పద్నాలుగు వందల సభ్యుల కార్డులను నెత్తిన పెట్టుకుని మేడ మీదికి చేర్చాడు. ఒక్కటంటే ఒక్కటి తడవలేదు. ఏటా జరిగే పుస్తకాల తనిఖీలో ఆయన విభాగంలో ఏనాడూ ఒక్క పుస్తకం తక్కువ తేలలేదు. ఇవన్నీ ఆయన చెప్పుకుంటాడు. చెప్పుకోదగ్గవే మరి.

రెండేళ్ల కిందట పెట్టెల్లోని కార్డులు పోయి కౌంటరు మీదికి కంప్యూటరు వచ్చింది. దాని ముందు కూర్చునే అమ్మాయిని అందరూ కంప్యూటరమ్మ అంటారు. ఆ యంత్రాన్ని చూస్తే మాస్టారికి ఒళ్లు మంట.

పైకప్పు మరమ్మతు ముగిసి గ్రంథాలయం తెరిచింది ఒకటో తేదీన. ఆ పొద్దున మొదట వచ్చింది ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడ. చేతిలో ఆవిరి బాయిలర్ల పుస్తకం. ఆరో తేదీన ఆమెకు బాయిలర్ ఆపరేటర్ లైసెన్సు పరీక్ష. ఊరంతటికీ ఆ పుస్తకం ఒక్కటే ప్రతి.

"రెండు రెన్యువల్సూ అయిపోయాయి కదక్కా. తిరిగి తీసుకుని, ఎవరూ రిజర్వు చేయలేదు కాబట్టి కొత్తగా రాసిస్తాను" అని మీటలు నొక్కిన కంప్యూటరమ్మ ఆగిపోయింది. "అక్కా, గడువు పోయిన నెల పదమూడు. సోమవారం సెలవులు మూడు పోను పదహారు రోజులు ఆలస్యం. రోజుకి రెండు చొప్పున ముప్పై రెండు రూపాయలు. జరిమానా ముప్పై దాటితే డబ్బు కట్టినా కార్డు నెల్రోజులు ఆగిపోతుంది."

"పదమూడున వచ్చాను. గేటుకి తాళం. గోడ దూకి ఇవ్వమంటావా?"

మాస్టారు చేతిలోని పుస్తకాల దొంతర కింద పెట్టేశాడు. "తాళం వేసింది మనం, జరిమానా ఆవిడకా? పదో తేదీ నుంచి ముప్పై ఒకటి దాకా మూశాం. గడువు మూసిన రోజున పడితే తెరిచిన రోజుకి జరపాలి. నా స్టాంపు ముప్పై ఏళ్లుగా జరిపింది. నీ డబ్బాకి ఆపాటి బుద్ధి లేదా?"

"అది సెలవుల పట్టిక చూసి జరుపుతుంది, బాబాయ్ గారూ. పట్టికలో లేని సెలవు దానికి తెలీదు."

"మరి ఎక్కించని దద్దమ్మ ఎవరు? పిలు లైబ్రేరియన్ని."

లైబ్రేరియన్ వచ్చాడు. మాస్టారి కొడుకు వయసు వాడు. మాట మెత్తగా ఉంటుంది, అదే మాస్టారికి మరీ మంట. "ఏమయ్యా, లాండ్రీలో చెమటోడ్చి చదువుకునే మనిషి కార్డు ఆపేస్తారా? నా కార్డుల రోజుల్లో ఇలాంటి తప్పు..."

"మాస్టారూ, పోయిన నెల ఎనిమిదో తేదీన మీకు మూసే తేదీల కాగితం ఇచ్చాను. సెలవుల పట్టిక మీ బాధ్యత కదా. సంతకం కూడా పెట్టారు."

ఆ కాగితం ఎక్కడుందో ఆయనకు తెలుసు. స్టాంపు ప్యాడు కింద ఉంది. చదివాడు, సంతకం పెట్టాడు, మూసిన తేదీలను తన పాత రిజిస్టరులో ఎర్రసిరాతో గుండ్రటి అక్షరాల్లో రాశాడు, గేటు పక్క బోర్డు మీద సుద్దతో రాశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా సెలవంటే అంతే. కంప్యూటరులో ఎక్కించమన్న చివరి వాక్యం దగ్గర పళ్లు కొరికి, ప్యాడు కిందికి తోసేశాడు.

లాండ్రీ ఆవిడ పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని ఆయన వైపే చూస్తోంది.

"దద్దమ్మని నేనే" అన్నాడు, కౌంటరంతా వినబడేలా. "జరగమ్మా."

కంప్యూటరమ్మ లేచింది. "నేను కొట్టేస్తాను బాబాయ్ గారూ."

"నువ్వు ముట్టుకోకు. ఎక్కడ కొట్టాలో చెప్పు చాలు."

ఒంటివేలితో, మీటల్ని పొడిచినట్టు, పదో తేదీ నుంచి ముప్పై ఒకటో తేదీ దాకా ఎక్కించాడు. రెండుసార్లు తప్పు పడింది. రెండుసార్లూ తనను తానే తిట్టుకున్నాడు. గడువులు మళ్లీ లెక్కించు అన్న చోట నొక్కగానే పదమూడు కాస్తా ఒకటిగా మారింది. ఆలస్యం సున్నా. జరిమానా సున్నా. పుస్తకం వాపసు పడింది, కొత్తగా పదిహేనో తేదీ గడువుతో మళ్లీ ఆమె పేరున ఎక్కింది.

"కోపం తగ్గిందా మాస్టారూ?" అందామె పుస్తకం సంచిలో పెట్టుకుంటూ.

"ఎందుకు తగ్గుతుంది? ఇందాకటిదాకా డబ్బా మీద ఉండేది. ఇప్పుడు ఇంకా దగ్గరికొచ్చింది. నువ్వెళ్లి చదువుకో. తప్పావంటే నీ మీదికీ వస్తుంది."

ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. ప్యాడు కింది కాగితం తీసి, మడత విప్పి, అందరికీ కనబడేలా కంప్యూటరు పక్కన అతికించాడు.