పుచ్చు వంకాయల పోస్టు

ముందే చెప్పుకుంటే తర్వాత గొడవ ఉండదు. నాకు ఉన్నదాన్ని పెంచి చెప్పే జబ్బుంది. రెండు చుక్కలు కారే కుళాయిని నేను వర్ణిస్తే వినేవాళ్లు పడవ కోసం వెతుక్కుంటారు. మా ఆవిడ నా మాటల్లో ముప్పావు తీసేసి, మిగిలిన పావుకు కూడా సాక్షి ఎవరని అడుగుతుంది. కాబట్టి కింద రాసేదంతా జరిగిందే గానీ, జరిగినంత సైజులోనే ఉంటుందని హామీ ఇవ్వలేను. ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర్న ఒప్పుకుంటాను.

మాది నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో ఆరు వీధుల కాలనీ. కాలనీ మొదట్లో భాయ్ కిరాణా అంగడి. వాళ్ల తాతనాటి నుంచీ వ్యాపారమే. ఒక ఏడాది మురుగుకాలువ కోసం సరిగ్గా ఆ అంగడి ముందు రోడ్డు తవ్వారు. ఆ లోతు చూస్తే, నేను పనిచేసే పోర్టువాళ్లు ఓడల్ని నేరుగా మా వీధిలోకి తెద్దామనుకున్నారేమో అనిపించింది. గోతికి ఇవతల మనుషులు, అవతల సరుకులు. వారం తిరిగేసరికి అంగట్లో ఈగలు కూడా విసుగుపుట్టి వెళ్లిపోయాయి.

"సార్, రోడ్డు ఎప్పుడేస్తారో తెలవదు. ఇట్టా ఇంకో రెండు నెలలైతే తాళం ఏసుకోవాల్సిందే. మోపెడ్డు ఉండాది, ఎనక సందులోంచి నేనే ఇంటింటికీ తెచ్చిస్తా. ఆ మాట కాలనీ గ్రూపులో పెట్టాల. మీరు బాగా రాస్తారంట గదా" అన్నాడు భాయ్.

బాగా రాస్తానని ఎవరు చెప్పారో నేను అడగలేదు. అలాంటి వార్తల్ని శోధించకూడదు.

కాలనీ గ్రూపు అంటే ఫోన్లో మా కాలనీ అంతా ఉండే చోటు. నీళ్లు రావడం, కరెంటు పోవడం, ఎవరి కుక్క ఎవరిని తరమడం, అన్నీ అందులోనే. దానికి అడ్మిన్ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అందరికీ మేడమ్. గ్రూపులో వ్యాపారం కనిపిస్తే హెచ్చరిక. మూడో హెచ్చరికతో పాటు బయటికి. అప్పటికే ఒక వాటర్ ఫిల్టర్లాయన, చీరలమ్మే ఆవిడ, చిట్స్ అతను ఆ దారినే పోయారు. భాయ్‌కి ఉన్న బేరమంతా ఆ గ్రూపులోనే ఉంది. అందులోంచి పోతే అంగడి పోయినట్టే.

ఇంత తెలిసీ నేను కలం పట్టాను. "శుభవార్త" అని మూడుసార్లు, ఒక్కోదాని తర్వాత నాలుగు ఆశ్చర్యార్థకాలు. తారాజువ్వలు, నిప్పులు, చప్పట్లు కొట్టే చేతులు కలిపి పదిహేడు బొమ్మలు. "మన కాలనీ చరిత్రలో తొలిసారి" అని మొదలై "ఈ అవకాశం మళ్లీ రాదు, పదిమందికి పంపండి" అని ముగిసింది. చదువుతుంటే నాకే కందిపప్పు కొనాలనిపించింది. దాన్ని భాయ్‌కి పంపాను. భాయ్ దాన్ని యథాతథంగా కాలనీ గ్రూపుకు, వాకింగ్ గ్రూపుకు, అపార్టుమెంటు గ్రూపుకు తోశాడు. మూడింట్లోనూ ఉండేది ఆ మనుషులే. తెల్లారి అయిదున్నరకు కాలనీలో ప్రతి ఫోనూ మూడుసార్లు మోగింది. పైగా దాని నెత్తిన "ఫార్వర్డ్" అని ముద్ర.

మొదటి జవాబు అయిదో వీధి నుంచి వచ్చింది: "దీన్ని నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయంట గదా?"

రెండోది: "మా అల్లుడికి ఇట్టాంటిదే వచ్చింది. పోలీసులకు చెప్పినాడు."

భాయ్ పేరూ నంబరూ అక్కడే ఉన్నాయి. ఇరవయ్యేళ్లుగా ఉప్పూ పప్పూ తెచ్చుకుంటున్న మనిషిని నా పదిహేడు బొమ్మల వెనక ఎవరూ గుర్తుపట్టలేదు. మేడమ్ ఆ పోస్టు తీసేసి "మొదటి హెచ్చరిక" అని పెట్టారు.

నేను వెనక్కి తగ్గలేదు. వ్యాపారంలా కనపడకపోతే సరి గదా అనుకున్నాను. తామరపువ్వు, దాని మీద మంచుబిందువు, "శుభోదయం" అనే అక్షరాలు, బొమ్మ అడుగున చీమ కూడా కళ్లద్దాలు పెట్టుకుని చదవాల్సినంత చిన్నగా నూనె ధర, చక్కెర ధర. రోజుకొక పువ్వు, గ్రూపులో పెట్టేది భాయ్. మూడో రోజు, రెండో వీధిలో ఒకాయన ఇంట్లో నీళ్ల మోటారు కాలిపోయి, ప్లంబరు నంబరు ఉంటే చెప్పండని గ్రూపులో అడిగాడు. ఆ మాట మీదే మా మందారం వచ్చి కూర్చుంది. దాని కింద పదిమంది తిరిగి శుభోదయం చెప్పారు. పాపం ఆయన మాట పైకి పోయి ఎవరికీ కనపడలేదు. మధ్యాహ్నం దాకా నీళ్లు లేవు.

మేడమ్ రాశారు: "మోటారు కాలిన మనిషి సాయం అడిగితే దాని మీద మీ నూనె డబ్బా పెట్టినారు. రెండో హెచ్చరిక."

"సార్, ఇంక చాల్లెండి" అన్నాడు భాయ్.

"ఈసారి మనం రాయం భాయ్. జనమే మెచ్చుకుంటారు" అన్నాను.

జనం అంటే మా బావమరిది. మూడు వాక్యాలు రాసిచ్చి, ఆదివారం పొద్దున పెట్టమన్నాను. పెట్టాడు. "నిన్న భాయ్‌కి ఆర్డరు చెప్పాను. ఇరవై నిమిషాల్లో సరుకులు మా గుమ్మంలో ఉన్నాయి. ఇంత చక్కటి సేవ నేనెక్కడా చూడలేదు."

చర్చి నుంచి వచ్చాక మేడమ్ దాన్ని చదివారు. ఆమె జవాబు నాకు కంఠతా వచ్చు.

"నాయనా, నువ్వు మన కాలనీలో ఇల్లు ఖాళీ చేసి నెల్లూరు అవతల కొడవలూరు పోయి రెండేళ్లయింది. గ్రూపులోంచి పోవడం మరిచిపోయినట్టున్నావు. ఎనక సందులోంచి కొడవలూరుకి ఇరవై నిమిషాల్లో మోపెడ్డు ఎట్టా వచ్చిందో మాకూ చెప్పు, అందరం ఆ దార్లోనే పోతాం."

ఆ తర్వాత వచ్చిన నవ్వుల బొమ్మలు నా పదిహేడింటికి పది రెట్లు. మా బావమరిది ఆ క్షణమే గ్రూపు వదిలాడు, రెండేళ్ల ఆలస్యంగా. మేడమ్ చివర్న ఇంకో వాక్యం రాశారు: "భాయ్ ఒంటిగంటలోపల మా ఇంటికి వచ్చి మాట్లాడాలి."

మా ఆవిడ నా ఫోన్లో ఇదంతా చదివింది. "రాసింది నువ్వు, పోయేది ఆయన అంగడి. చొక్కా వేసుకుని ఆయనతో పో" అంది.

వెళ్లాం. మేడమ్ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. మమ్మల్ని చూసి కూర్చోమనలేదు. అప్పుడు నేను ఒక అడుగు ముందుకు వేశాను. "మేడమ్, తప్పు నాది. మూడూ నేను రాసినవే. తీసేస్తే నన్ను తీసేయండి" అన్నాను. ఆ గంభీర స్వరానికి గోడగడియారం ఒక టిక్కు మానేసింది. చిక్కుడుకాయ ఒకటి మేడమ్ చేతిలోంచి జారింది.

మేడమ్ భాయ్ వైపు తిరిగారు. "నిన్న నేను ఫోన్ చేసి వంకాయలు అడిగితే నువ్వేమన్నావు?"

"పుచ్చులుండాయి, వద్దన్నాను మేడమ్."

"కొత్తిమీర?"

"వాడిపోయింది. పప్పులోకి పరవాలేదు, పచ్చడికి పనికిరాదన్నాను."

"ఆ మాటే గ్రూపులో రాయి. ఈ శుభవార్తలెందుకు? నాకు చెప్పినట్టు వాళ్లకూ చెప్పు. నువ్వెవరో, ఏ వీధులకు తెస్తావో, ఎన్ని గంటలకో. ఒక్క గ్రూపు చాలు. వారానికొకసారి, శనివారం. ఆర్డర్లు నీ నంబరుకు చెప్పమను, గ్రూపులో వద్దు. ఎవరన్నా తప్పు పడితే మాత్రం అందరి ముందరే జవాబు చెప్పాల. ముందు ఈ పొద్దు జరిగింది ఒప్పుకో."

నేను ఫోన్ తీయబోతే "నువ్వు కాదు" అన్నారు.

భాయ్ ఒక్క బొటనవేలితో ముప్పావుగంట కొట్టాడు. మేడమ్ చిక్కుడుకాయలన్నీ ఒలిచేసి, వాటి తొక్కలు కూడా రెండోసారి వెతికారు. అతను రాసింది ఇది:

"అందరికీ నమస్తే. నేను కాలనీ మొదట్లో కిరాణా అంగడి భాయ్‌ని. పొద్దున కొడవలూరు నుంచి వచ్చిన మెచ్చుకోలు మేం అడిగి రాయించుకున్నది. తప్పే. రోడ్డు తవ్వినారు, మీరు రాలేరు, నేనే తెచ్చిస్తా. మన ఆరు వీధులకే. పొద్దున తొమ్మిదిలోపల నా నంబరుకు చెప్తే పన్నెండులోపల ఇస్తా. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోతా, రెండున్నర దాకా రాను. ఇప్పుడు అంగట్లో ఉండే వంకాయలు పుచ్చువి, తీసుకోవద్దండి. రేపు కొత్తవి దిగుతాయి. కొత్తిమీర పప్పులోకి మాత్రమే. మేడమ్‌ని అడిగి రాస్తున్నా. మళ్లీ శనివారమే రాస్తా."

బొమ్మ ఒక్కటి లేదు. నా దృష్టిలో అది వ్యాపార ఆత్మహత్య. అంగడివాడు తన సరుకు బాగాలేదని ఆరు వీధులకు దండోరా వేసుకోవడం నేను పుట్టి ఎరగను.

ముందుగా నాలుగో వీధి పెద్దావిడ అడిగింది: "భాయ్, అంగడి నీదేనా? ఆ టపాకాయలవాడు ఎవరో అనుకున్న్యా. మాకు అయిదు కిలోల బియ్యం తీసుకురా నాయనా."

"అక్కా, నా నంబరుకు చెప్పండి. గ్రూపులో వద్దు" అని భాయ్.

"వంకాయలు ఎంత పుచ్చు? బజ్జీ చేసుకోవచ్చా?" అని ఇంకొకాయన.

"మీరు చేసుకోవచ్చన్నా, నేను అమ్మలేను."

సోమవారం పొద్దున తొమ్మిదికి ముందే భాయ్ ఫోన్ ఆగకుండా మోగింది. మోపెడ్డు వెనక సందులో ఎన్నిసార్లు తిరిగిందంటే ఆ మట్టి సిమెంటులా గట్టిపడింది. బుధవారం ఎవరో గ్రూపులో "చక్కెర సంచి చిల్లు, దారంతా కారింది" అని పెట్టారు. "నిజమే అక్కా, చూసుకోలేదు. ఇప్పుడే వేరేది తెస్తా" అని భాయ్ అక్కడే జవాబిచ్చాడు. ఆ చిల్లు సంచి తెచ్చిపెట్టినన్ని ఆర్డర్లు నా తారాజువ్వలన్నీ కలిసి కూడా తేలేదు.

రెండు నెలలకు రోడ్డు వేశారు. అప్పటికి భాయ్‌కి ఇంకో మోపెడ్డు వచ్చింది. శనివారం పోస్టు కోసం ఇళ్లల్లో కాఫీ ఆపుకుని కూర్చునేవాళ్లు. దాన్ని అందరూ "పుచ్చుల పేపరు" అనేవాళ్లు. ఒక శనివారం వాళ్ల బంధువుల పెళ్లికి పోయి భాయ్ రాయకపోతే, గ్రూపులో మొదట అడిగింది మేడమే: "భాయ్, ఈ వారం ఏం బాగలేదో చెప్పలేదే?"

ఇక నేను ఒప్పుకోవాల్సింది. సంచి చిల్లు నిజం, కొడవలూరు నిజం, మా ఆవిడ చొక్కా వేసుకోమనడం నిజం. మేడమ్ వరండాలో నేను ముందుకు వేసిన అడుగు మాత్రం లేదు. నేను మెట్ల కింద చెప్పుల దగ్గరే ఆగిపోయాను. తిట్లు అక్కడి దాకా రావని లెక్క వేసుకున్నాను. మెట్లెక్కి పోయి చేతులు కట్టుకుని నిలబడినవాడు భాయ్. "తప్పు మాదే మేడమ్. సారు మంచికే రాసినారు, పంపినోణ్ని నేను" అని అతనన్నాడు. ఫోన్ తీయబోతే "నువ్వు కాదు" అని మేడమ్ వరండాలోంచి నన్ను చూసే అన్నారు, అదొక్కటి నిజం.

పోస్టు పెట్టి మెట్లు దిగొచ్చిన భాయ్ చెప్పులు వేసుకుంటూ నా మొహం చూసి నవ్వాడు.

"పదండి సార్. ఆ వంకాయలన్నీ ఏరి పారెయ్యాల. మీరు గూడా ఓ చెయ్యి ఎయ్యండి."