ఘటన రాయని డెబ్బై ఎనిమిది

ఇంటర్మీడియట్‌లో మా లెక్కల మాస్టారి చేతిలో నేను తిన్న దెబ్బల్లో సగం సంభావ్యత అధ్యాయం దగ్గరే తిన్నాను. అంకె ఎంత కరెక్టుగా వేసినా ఆయనకు పట్టేది కాదు. ముందు ఘటన ఏమిటో, అంటే ఏం జరగడం గురించి లెక్క వేస్తున్నామో రాయాలి, ఆ తర్వాతే దాని సంభావ్యత. ఘటన రాయకుండా అంకె వేసినవాడి వేళ్ల మీద డస్టర్ పడేది. "దేనికిరా ఈ అంకె? గాలికా?" అని గది అదిరేలా అడిగేవారు. నరసరావుపేటలో ఆ గొంతు కాలేజీ గేటు అవతల టీ బంకు దాకా వినపడేది.

పాతికేళ్ల తర్వాత అదే మనిషి నా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. ఆఫీసంటే పెద్దదేం కాదు, కోర్టుల దగ్గర మందుల షాపు మీద ఒక గది. పెన్షన్ లేనివాళ్లకు ఉద్యోగం మానేశాక బతుకు ఎలా నడుస్తుందో ప్లాన్ వేసి ఇస్తాను. ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు, జిన్నింగు మిల్లు గుమాస్తాలు, నర్సింగ్ హోముల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. మాస్టారి గొంతులో కాయలు లేచాయట. పాఠాలు ఆపకపోతే గొంతు మిగలదని గుంటూరు డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఇప్పుడే మానేస్తే భార్యాభర్తలిద్దరికీ చివరిదాకా జరుగుతుందా లేదా అన్నది ఆయన ప్రశ్న. పీఎఫ్, కొన్ని మ్యూచువల్ ఫండ్లు, సొంత ఇల్లు, వెల్దుర్తి దగ్గర రెండెకరాల మెట్ట, అంతే ఆయన ఆస్తి.

నేను చేసేది సిమ్యులేషన్. మార్కెట్ ఏ ఏడు ఎంత పెరుగుతుందో, ధరలు ఎంత ఎక్కుతాయో ఎవడికీ తెలియదు. అందుకని కంప్యూటర్ ఏడాదికొకటి చొప్పున ఆ అంకెల్ని యాదృచ్ఛికంగా తీసుకుని ఒక బతుకంతా నడిపిస్తుంది. మళ్లీ మొదటికొచ్చి ఇంకో బతుకు నడిపిస్తుంది. అలా వెయ్యి. మాస్టారి లెక్కలో ఏడువందల ఎనభైసార్లు డబ్బు చివరిదాకా సరిపోయింది. నేను ఎర్ర పెన్ను తీసి కాగితం నెత్తిన 78 అని వేసి, చుట్టూ సున్నా చుట్టి చేతికిచ్చాను. బయట ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు, తొందరలో ఉన్నాను.

ఆయన ఆ కాగితాన్ని పేపరు దిద్దే మనిషి చూసినట్టే చూశారు. "డెబ్బై ఎనిమిదేనా?" అన్నారు. మా ఊళ్లో డెబ్బై ఎనిమిది వస్తే ఇంట్లో అన్నం సయించదు. తొంభై ఎనిమిది వచ్చినవాడి ఫ్లెక్సీలే బస్టాండు నుంచి స్టేషన్ దాకా కడతారు. ఆ ఫ్లెక్సీల కిందే ముప్పై ఆరేళ్లు బతికిన మనిషి ఆయన. తొంభై అయిదు రావాలంటే ఏం చెయ్యాలని అడిగారు. ఇంకో మూడేళ్లు పనిచేస్తే వస్తుందని చెప్పాను. లెక్క తప్పేం కాదు. ఆయన తలూపి, కాగితం నాలుగు మడతలు పెట్టుకుని దిగిపోయారు. డాక్టరు అంతగా చెప్పాక మానేస్తారనే అనుకుని నేను మర్చిపోయాను.

ఏడాది తిరిగాక వాళ్లావిడ, మేం పిన్నిగారని పిలిచే మనిషి, ఒక్కతే ఆటోలో వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా కూర్చుని, సంచీలోంచి ఆ కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది. మడతలు చిరిగిపోయాయి, ఎర్ర సున్నా మాత్రం అలాగే ఉంది.

"మీ మాస్టారు ఇంకా పాఠాలకు పోతన్నాడు నాయనా. మెడకి మైకు కట్టుకుని పోతన్నాడు. ఉన్న కాస్త గొంతు పిల్లలకి కావాలంట. ఇంటికొస్తే నాతో పలక మీద రాసి మాట్లాడతన్నాడు. అన్నం కావాలన్నా పలకే. ఏందని అడిగితే, ఇంకా తొంభై అయిదు రాలేదంటాడు."

నాకు ముందు ఆయన మీద ఒళ్లు మండింది. డాక్టరు మాట కంటే నా ఎర్ర సున్నా ఎక్కువైందా ఈ మనిషికి! తర్వాత ఆ సున్నా వేసింది ఎవడో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఆవిడ వెంటే అదే ఆటోలో వెళ్లాను.

మాస్టారు అప్పుడే కాలేజీ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. జేబులో మైకు బ్యాటరీ ఇంకా ఉంది. నన్ను చూసి పలక అందుకున్నారు. ఆయన రాసేలోపే నేను గబగబా అది మార్కు కాదని, డెబ్బై ఎనిమిది తక్కువేం కాదని చెప్పుకుంటూ పోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, ఒకే మాట రాసి నా వైపు తిప్పారు.

"ఘటన?"

వేళ్ల మీద డస్టర్ పడినట్టే అయింది. ఏడాది కిందట ఆ కాగితం మీద నేను రాయనిదీ, ఆయన అడగనిదీ అదొక్కటే.

"పిన్నిగారికి తొంభై ఏళ్లొచ్చేదాకా, ఏం ముంచుకొచ్చినా మీరు ఖర్చు ఒక్క రూపాయి తగ్గించకుండా, ఏటా ధరలతో పాటు పెంచుకుంటూ పోయినా డబ్బు అయిపోకపోవడం. అదీ ఘటన మాస్టారూ," అన్నాను.

ఆయన పలక తుడిచి రాశారు. "అంత మొండివాణ్ణా నేను?"

"అంత మొండే," అంది పిన్నిగారు.

అప్పుడు ఆ ఓడిపోయిన రెండువందల ఇరవై బతుకుల్నీ తెర మీద తెరిచాను. మొదటే చూపించాల్సినవి అవి. సగానికి పైగా పిన్నిగారికి ఎనభై రెండు దాటాకే డబ్బు అయిపోయినవి. ఓ ముప్పై ముందే, ఆవిడకు డెబ్బై అయిదేళ్లు రాకముందే అయిపోయాయి. వాటినీ దాచలేదు. దాదాపు వాటన్నిటిలోనూ మొదటి అయిదారేళ్లలోనే మార్కెట్ పడిపోయి, ధరలు మండాయి. అంటే దెబ్బ చెప్పకుండా రాదు, సర్దుకోడానికి టైముంటుంది. కంప్యూటర్‌లోని మాస్టారు మాత్రం డబ్బు కరిగిపోతున్నా తగ్గకుండా ఖర్చు పెట్టుకుంటూ పోతాడు. గెలిచిన వాటిలోనూ చివరికి రూపాయి మిగిలినా గెలుపే, కోటి మిగిలినా గెలుపే. ధరల పెరుగుదల అరశాతం ఎక్కువ వేస్తే డెబ్బై ఎనిమిది కాస్తా డెబ్బై ఒకటైంది, తక్కువ వేస్తే ఎనభై నాలుగు. అంత కదిలే అంకె కోసం మనిషి గొంతు పోగొట్టుకుంటాడా? మెట్ట భూమినైతే లెక్కలోకే తీసుకోలేదు.

తర్వాత ఒక షరతు పెట్టి మళ్లీ నడిపించాను. డబ్బు అనుకున్న గీత కంటే కిందికి పడిన ఏడు ఖర్చు పెంచకూడదు, ప్రయాణాలూ పెట్టుపోతలూ తగ్గించి పదోవంతు మిగుల్చుకోవాలి, కోలుకున్నాక మామూలే. ఆ షరతుతో ఇప్పుడే మానేసినా అంకె తొంభై దగ్గరికి వచ్చింది. ఈసారి అంకె చివర చెప్పాను, ఘటన ముందు చెప్పాను. పదిలో ఒకటి తప్పుతుంది కదా అని ఆయన పలక మీద రాశారు. తప్పుతుంది, అప్పుడు మెట్ట అమ్ముదాం అన్నాను, ఏటా ఒకసారి కూర్చుని చూసుకుందామని కూడా.

 మాస్టారు పలక పక్కన పెట్టి, భార్య వైపు తిరిగి నోరు తెరిచారు. గాలిలాంటి మాట వచ్చింది. "నెల నోటీసివ్వాలి. మానేస్తా." ఆవిడ చెంగుతో మొహం కప్పుకుంది.

అది జరిగి రెండేళ్లయింది. నా గదిలో ఎర్ర పెన్ను లేదిప్పుడు. ప్రతి కాగితం మీద మొదటి వరుసలో ఘటన రాస్తాను, పక్కనే అది తప్పితే ఏం తగ్గించుకోవాలో రాస్తాను, అంకె ఎక్కడో కింద ఉంటుంది. ఈ ఏడు మార్కెట్ పడగానే మాస్టారే ఫోన్ చేశారు. అంకె ఎంతని అడగలేదు.

"ఒరేయ్, ఈ ఏడు ఏం తగ్గించాలో చెప్పు," అన్నారు.

వెనకనుంచి పిన్నిగారు కాశీ ప్రయాణం మానుకుందామని చెబుతోంది. ఆయన కాదని ఆవిడతో వాదించడం మొదలుపెట్టారు, నేను ఫోన్లో వింటున్నాను. బొంగురు గొంతు, రెండు మాటలకొకసారి తెగిపోతుంది. ఇక ఇంతేనట. ఏడాది ముందు ఆపి ఉంటే గొంతు చానా మిగిలేదని డాక్టరు అన్నాడని ఆవిడే చెప్పింది. ఆ ఏడాది నా కాగితం వల్లే పోయింది.