మణికట్టు మీది బటన్

ఆఫీసులో ఆమెను కత్తెరక్క అనేవారు. ఎవరేం తెచ్చినా అడ్డంగా కోసేస్తుందని ఆ పేరు. ఫోన్‌లో పనిచేసే ఆప్‌కి చేతి వాచీలో ఒక చిన్న తోడు ఆప్ తయారుచేయడం ఆమె పని. ఈసారి పని ఆసుపత్రిది. రోగి బెల్ నొక్కితే వార్డులో నర్సులందరి వాచీలూ వణకాలి, ఏ మంచమో చూపించాలి.

ఆమె ఆఫీసు యజమానికి అంతటితో ఆశ తీరలేదు. డ్యూటీ చార్టు, మందుల పట్టిక, నర్సుల చాటింగ్, చివరికి నడిచిన అడుగుల లెక్క కూడా వాచీలోకి ఎక్కించమన్నాడు.

"అది వాచీ అనుకున్నారా, అటక అనుకున్నారా? ఒక్క చూపులో తెలిసేదే చేతి మీద ఉండాలి. రెండో చూపు కావలసినవన్నీ ఫోన్‌లో పడుంటాయి" అని ఆమె అన్నిటినీ కోసిపారేసింది.

తనది మాత్రం ఒకటి ఉంచుకుంది. 'నేను వెళ్తున్నా' అనే బటన్. ఒక నర్సు దాన్ని తాకితే మిగతా వాచీలు ఊరుకుంటాయి, నలుగురూ ఒకే మంచానికి పరుగెత్తనక్కర్లేదు. వేలికి సులువుగా అందాలని సగం తెర దానికే ఇచ్చింది. పరాయివాళ్ళవైతే కత్తెర చకచకా ఆడుతుంది, సొంతదాని దగ్గరికొచ్చేసరికి మొద్దుబారుతుంది. మనుషుల తీరే అంత.

ఆ వార్డు పెద్ద నర్సు ఆమెకు స్వయానా ఆడపడుచు. ప్రయోగంగా వాడుతున్న ఆ వారంలోనే ఒక పొద్దున ఫోన్ చేసి, "మీ యజమానిని కూడా వెంటబెట్టుకుని రా" అని పెట్టేసింది.

వెళ్ళేసరికి నర్సుల గదిలో ఒక కుర్ర నర్సు గోడకు ఆనుకుని ఏడుస్తోంది. బాత్రూమ్‌లో జారిపడిన ముసలమ్మ అక్కడి బెల్ తాడు లాగిందట. ఎవరూ రాలేదు. తడినేల మీద అలాగే కూర్చుండిపోయింది. తుంటికి ఎక్స్‌రే తీయించి తెచ్చారు, డాక్టరు ఇంకా చూడలేదు.

"ఈ పిల్ల వెళ్తానని నొక్కిందని మీ ఆప్ చెబుతోంది. నొక్కలేదని ఈ పిల్ల చెబుతోంది. ఎవరి మాట నమ్మమంటావే, మరదలా? ఆప్ నిజమైతే ఈ పిల్లను ఇవాళే ఇంటికి పంపాలి."

"నా తల్లి మీద ఒట్టు మేడం, నేను ముట్టుకోలేదు!"

యజమాని కత్తెరక్క మోచేయి పట్టుకుని పక్కకు లాగాడు. "ఆప్‌లో తప్పుందని మాత్రం అనకక్కా. ఆ బటన్ చూసే వీళ్ళు ఆప్ తీసుకోవడానికి ఒప్పుకున్నారు."

ఆమె మోచేయి విడిపించుకుంది. కుర్ర నర్సు వైపు తిరిగి, "తాడు లాగినప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?" అంది.

"ఈ సింకు దగ్గరే. చేతులు కడుక్కుంటున్నా."

కత్తెరక్క ఆ పిల్ల వాచీ విప్పించి తన చేతికి పెట్టుకుంది. కుళాయి తిప్పి చేతులకు సబ్బు రుద్దుకుంది. "వదినా, ఒకసారి ఆ తాడు లాగించు."

గదిలోని వాచీలన్నీ ఒక్కసారే వణికాయి. ఆమె తెర మీద పెద్ద బటన్ వెలిగింది. దాని మీద నీళ్ళు చిందాయి. ఏమీ కాలేదు. యజమాని హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. కుర్ర నర్సు మొహం పాలిపోయింది.

అక్కడితో ఆపేస్తే ఆమెను అడిగేవాళ్ళు లేరు. ఆమె కుళాయిని ఇంకాస్త తిప్పి, మణికట్టును ధార కిందికి జరిపింది. తెర మీద నీళ్ళు పాకాయి. బటన్ దానంతటదే లోపలికి నొక్కుకుంది. గదిలో వాచీలన్నీ ఠక్కున ఊరుకున్నాయి.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కుళాయి కారుతూనే ఉంది.

"పిల్ల ముట్టుకోలేదు వదినా. నీళ్ళు ముట్టుకున్నాయి. అంత పెద్ద బటన్ పెట్టింది నేను."

యజమాని అందుకున్నాడు. "రెండుసార్లు నొక్కితేనే పనిచేసేలా మారుద్దాం. లేదా కడుక్కునే ముందు తెర లాక్ చేసుకుంటారు..."

"పొద్దస్తమానం కడుగుతూనే ఉంటాం నాయనా," అంది పెద్ద నర్సు. "ఆ లాకులు వేస్తూ కూర్చుంటే రోగిని నువ్వు చూస్తావా?"

"అసలు బటనే వద్దు," అంది కత్తెరక్క. చెప్పడానికి ఆమెకు చాలా కష్టమైంది. "బాత్రూమ్‌లోనూ ప్రతి మంచం దగ్గరా గోడకు బెల్ ఆపే మీట ఉంది కదా. అక్కడికి చేరి దాన్ని నొక్కితేనే వాచీలు ఊరుకుంటాయి. అప్పటిదాకా వణుకుతూనే ఉంటాయి."

"నలుగురూ ఒకే చోటికి పరుగెత్తితేనో?" అన్నాడు యజమాని.

"ఎక్కువైనవాళ్ళు తిరిగొస్తారు," అంది పెద్ద నర్సు. "వెళ్ళనివాళ్ళను నేనెక్కడ వెతకను? ఏయ్ పిల్లా, మొహం కడుక్కుని డ్యూటీలోకి పో. మరదలా, ఈ వాచీలన్నీ మూటకట్టి పట్టుకుపో. బటన్ తీసి తెచ్చాక పనికొస్తాయో లేదో చూస్తా. చుట్టరికం ఇంటి దగ్గర చూసుకుందాం."

యజమాని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. కత్తెరక్క వాచీలు సంచిలో వేసుకుని ముసలమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. అప్పుడే డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక విరగలేదని చెప్పి వెళ్ళాడు. ముసలమ్మ మాత్రం తుంటి మీంచి చెయ్యి తీయలేదు.

"నేను తాడు లాగితే మోగలేదా అమ్మాయ్?"

"మోగింది పెద్దమ్మా. నేను పెట్టిన బటన్ దాని నోరు మూయించింది."

ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నేల ఎంత చల్లగా ఉందో తెలుసా నీకు?"

కత్తెరక్క సంచి కింద పెట్టింది. స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది.