పదిహేడో నంబరు ఎదురుగా

బొబ్బిలి దగ్గర గోనెసంచుల మిల్లులో జగన్నాధం గుమాస్తా. అరవై ఎనిమిదిలో పుట్టాడు, ఇంకో ఆర్నెల్లలో రిటైరు. గజపతినగరంలో టైపు నేర్చిన చేతులవి, కంప్యూటర్ని ఇప్పటికీ బాదుతూనే ఉంటాయి.

మెయిలంటే ఆయనకి ఉత్తరమే. పైన నాలుగు ముక్కలు, కింద జాబితా, ప్రతి కాయితానికీ ఓ నంబరు, ఆ నంబరుతోనే ఫైలు పేరు. ఏ కాయితమైనా లేకపోతే ఆ గడి ఖాళీగా వదలడు. లేదని రాసి, ఎప్పుడిస్తారో తారీకు వేస్తాడు. మిల్లులో అందరూ ఆయన్ది చాదస్తం అంటారు. అన్నవాళ్లే ఏ కాయితం కావాలన్నా ఆయన బల్ల దగ్గరకొచ్చి నిలబడతారు.

ఆ జూన్‌లో విశాఖ నుంచి ఆడిటర్ల మెయిలొచ్చింది. ఇరవైనాలుగు కాయితాలు కావాలి, శుక్రవారం సాయంత్రం అయిదులోపు. ఆలస్యమయ్యేవి ఉంటే ఏ రోజుకిస్తారో అందులోనే చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవైమూడు తయారు. పదిహేడోది మాత్రం లేదు. అది మార్చి ముప్పయ్యొకటిన గోడౌన్లో బేళ్లు, అంటే సంచుల కట్టలు, లెక్కపెట్టిన షీటు.

ఆ రోజు లెక్క పెడితే కదా! అమ్మోరి సంబరమని బేళ్లు మోసే కలాసీలంతా ఊళ్లోనే ఉండిపోయారు. గోడౌన్ గుమాస్తా ఎల్లాజీ తాళం వేసి వాళ్లకంటే ముందే వెళ్లాడు. లెక్కపెట్టింది ఏప్రిల్ మూడు పొద్దున్న. ఈ ఎల్లాజీ జగన్నాధానికి సొంత చెల్లెలి మొగుడు.

"బావా, తారీకు మార్సీ," అన్నాడు ఎల్లాజీ, షీటు బల్లమీద పెడుతూ. "మూడు కొట్టీసి ముప్పయ్యొకటి ఎయ్యి. ఎవుడికి తెలస్తాది?"

"సంబరానికి ఎల్లినప్పుడు ఈ బుద్ధి ఏటయింది?"

"అమ్మోరి కాడికెల్లడం తప్పేటి? ఉజ్జోగం పోతే నీ సెల్లి నీ గుమ్మంలోకే వస్తాది. సూసుకో మరి."

ఇంతలో మేనేజరు గణపతిరావు లోపలికొచ్చాడు. "మార్చేయండి జగన్నాధం గారూ. ఒక్క తారీకే కదా. అయిదయిపోతోంది."

చెల్లెలి మొహం గుర్తొచ్చి జగన్నాధం చెయ్యి షీటు మీదికి వెళ్లిన మాట నిజం. వెళ్లిన చెయ్యి అంకె దగ్గర ఆగింది. లేచి గేటు రిజిస్టరు తెచ్చి, ఏప్రిల్ రెండో తారీకు పేజీ తీశాడు.

"ఎల్లాజీ, మూడున ఎన్ని లెక్కపెట్టినావు?"

"మూడొందల యాభయ్యొకటి."

"రెండో తారీకు రెండు లారీలెల్లినాయి. అరవై బేళ్లు. ముప్పయ్యొకటికి పుస్తకంలో నాలుగొందల పన్నెండు. నువ్వడిగినట్టు తారీకు మారిస్తే ఆ రోజు గోడౌన్లో మూడొందల యాభయ్యొకటే ఉన్నట్టు. మిగిలిన అరవయ్యొకటీ ఏవయిపోయినట్టు? దొంగెవుడవుతాడు, నువ్వా, నేనా?"

గణపతిరావు రిజిస్టరు తనవైపు తిప్పుకుని చూశాడు, తర్వాత గడియారం చూశాడు.

"లేదని రాస్తే యజమాని నన్ను తింటాడు," అన్నాడు.

"ఉన్నదని రాస్తే వీణ్ణి తింటాడు సార్. నాను లేదనే రాస్తాను."

మేనేజరు బయటికి నడిచాడు. ఒప్పుకున్నట్టో కాదో ఆయనకే తెలీదు.

నాలుగు నలభైకి జగన్నాధం కీబోర్డు మీద పడ్డాడు. పదిహేడు ఎదురుగా ఇలా రాశాడు: మార్చి 31న లెక్కింపు జరగలేదు. ఏప్రిల్ 3న జరిగింది, ఆ షీటు 17-ఎ. మధ్య రోజుల గేటు రిజిస్టరు పేజీలు 17-బి. మూడో తారీకు నుంచి వెనక్కి వేసిన లెక్క 17-సి, సోమవారం మధ్యాహ్నం పన్నెండులోపు పంపుతాం. నాలుగు యాభైకి మెయిలు వెళ్లింది.

శనివారమంతా బావాబావమరుదులిద్దరూ లారీ చీటీలు ముందేసుకుని కూర్చున్నారు. మూడొందల యాభయ్యొకటికి అరవై కలిపితే నాలుగొందల పదకొండు. ఒకటి తక్కువ. రెండుసార్లు కూడినా అంతే. ఎల్లాజీ చీటీలు పక్కకి తోశాడు. "ఓ బేలు తడిసిందని ఇప్పీసి కుట్టుషెడ్లో పెట్టినాం బావా, దాన్ని లెక్కెట్టనేదు," అన్నాడు.

"అదీ రాయి. నీ సేత్తోనే రాయి."

సోమవారం పదకొండుకే 17-సి వెళ్లింది. మంగళవారం విశాఖ నుంచి ఆడిటరమ్మాయి పద్మకుమారి వచ్చింది. గోడౌన్లో బేళ్లు లెక్కపెట్టుకుంది, ఆ మధ్యలో వచ్చినవి తీసేసి, వెళ్లినవి కలిపి ఏప్రిల్ మూడు నాటి లెక్కదాకా వెనక్కొచ్చింది. లారీ చీటీల మీద ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టింది. చివరికి, "ఆ ఒక్క బేలూ ఏదండీ?" అంది.

ఎల్లాజీ ముందు నడిచాడు. కుట్టుషెడ్డు మూలలో బూజుపట్టిన సంచుల గుట్ట. దాని మీద మార్చి తారీకుతో కట్టిన చీటీ ఇంకా వేలాడుతోంది. ఆమె చీటీ చదివి, కాయితం మీద ఒక టిక్కు పెట్టింది. "ఏడాది చివర్లో లెక్క పెట్టలేదని మా రిపోర్టులో రాస్తాం. సరుకు మాత్రం సరిపోయింది."

ఎల్లాజీ ఉద్యోగం పోలేదు, యజమాని దగ్గర చీవాట్లు మాత్రం పడ్డాయి. వచ్చే మార్చికి సంబరం తారీకు ముందే కనుక్కోమని జగన్నాధం కేలెండరు చివరి పేజీ మీద ఎర్రపెన్సిలుతో రాసిచ్చాడు. తను అప్పటికి ఉండడు కదా.